ఎవరి సగటుతో ఎవరికి పోలిక?

గుంటూరులో చిన్న డెంటల్ క్లినిక్ నడిపే డాక్టరుగారు ఒక పట్టిక ప్రింటు తీసుకుని వచ్చారు. వర్డ్‌స్ట్రీమ్ ఏటా ప్రచురించే గూగుల్ యాడ్స్ సగటులవి. "వీళ్లు సీటీఆర్ 6 శాతం పైన అంటున్నారు. మనది 0.63 అండీ. ప్రకటన మార్చేద్దామా?" అన్నారు.

ప్రకటనను ముట్టుకోకుండా రిపోర్టును నెట్‌వర్క్ వారీగా విడదీశాను. సెర్చ్‌లో ప్రకటన వెయ్యిసార్లు కనబడింది, 60 క్లిక్కులు వచ్చాయి. అంటే 6 శాతం. ఖాతా తెరిచినప్పుడు ఎవరో డిస్‌ప్లే టిక్కు తీయకుండా వదిలేశారు. అక్కడ 20,000 సార్లు కనబడి 72 క్లిక్కులు తెచ్చింది. రెండూ కలిపితే 132 క్లిక్కులు, 0.63 శాతం. పళ్ల డాక్టరు కోసం వెతికే మనిషికీ, వార్తలు చదువుతూ పక్కన బొమ్మ చూసే మనిషికీ కలిపి ఒకే సగటు కట్టకూడదు. పట్టికలో ఉన్నది సెర్చ్ అంకె. అదీ ఎక్కువగా అమెరికా ఖాతాలది.

ఆయన అసలు దిగులు కన్వర్షన్ గురించి. సెర్చ్ క్లిక్కులు 60, ఫారం నింపినవాళ్లు ఇద్దరు. 3.3 శాతం. పట్టికలో 7 దరిదాపుల్లో ఉంది. సగానికి సగం తక్కువ అని చూడగానే పేజీ తీసిపారేయాలనిపిస్తుంది. కానీ నిజంగా 7 శాతం వచ్చే ఖాతాలో కూడా, 60 క్లిక్కులకు రెండో అంతకంటే తక్కువో పడే నెలలు ఐదింట ఒకటి ఉంటాయి. ఇంత తక్కువ లెక్కతో పేజీ మంచిదా చెడ్డదా తేల్చలేం.

పైగా కన్వర్షన్ అని దేన్ని లెక్కపెట్టామన్నది ముఖ్యం. ఒకరు ఫోన్ బటన్ నొక్కినా లెక్కేస్తారు, ఇంకొకరు ఫారం వస్తేనే వేస్తారు. అవన్నీ కలిసే ఆ సగటులోకి చేరతాయి. పంటి నొప్పితో ఉన్నవాడు ఫారం నింపుతూ కూర్చోడు, ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్లు ఈ ఖాతాలో ఎక్కడా నమోదు కావడం లేదు. ఈ ఒక్క తేడా చాలు, ఆ పోలిక చెల్లకపోవడానికి. ఇది సరిచేయకుండా పేజీ రంగులు మార్చే ఏజెన్సీలను చూస్తే నాకు బాధేస్తుంది. పోయేది క్లినిక్ డబ్బు.

డిస్‌ప్లే ఆపేశాం. పేజీలోని నంబరు నొక్కితే నమోదయ్యేలా పెట్టాం. "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి రిజిస్టర్‌లో రాయమని రిసెప్షన్‌లో అమ్మాయికి చెప్పాం. నొక్కినవాళ్లందరూ రారు కాబట్టి, కుర్చీలో కూర్చున్న ఒక్కో కొత్త పేషెంటుకు ఎంత ఖర్చయిందో ఆ రిజిస్టరే చెబుతుంది. ఆ ఖర్చు చికిత్స మిగులులో ఇమిడితే, శాతం పట్టిక కంటే తక్కువున్నా నాకు అభ్యంతరం లేదు.

సెర్చ్ క్లిక్కులు 300 అయ్యేదాకా పేజీ జోలికి వెళ్లొద్దని డాక్టరుగారిని ఒప్పించాను. 7 శాతమే నిజమైతే అప్పటికి 21 రావాలి. 12 నుంచి 30 దాకా ఎంత వచ్చినా మామూలే. ఫోన్లతో కలిపి కూడా పది దాటకపోతే, అప్పుడు పేజీని అనుమానిస్తాం.