కర్త లేని వాక్యం: స్మార్ట్ టీవీ గోప్యతా ప్రకటనల భాష – ఒక విమర్శ

వ్యాససంగ్రహం: ఇంట్లోవారు ఏం చూస్తున్నారో నమోదు చేయడానికీ, వారి మాట వినడానికీ స్మార్ట్ టీవీ తెరపై కొన్ని వాక్యాలు చూపి అనుమతి తీసుకుంటుంది. అనుమతికి ఆధారం ఆ వాక్యాలే కనుక వాటి నిర్మాణం విమర్శకు అర్హమైన విషయం. 2017లో అమెరికాలో తేలిన విజియో వ్యవహారంలోని ప్రకటనను ప్రధాన పాఠ్యంగా తీసుకుని, అందులో కర్త ఎలా మరుగున పడ్డాడో, అదే వాక్యం తెలుగులోకి వస్తే ఏమవుతుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: స్మార్ట్ టీవీ, గోప్యత, సమ్మతి, కర్మణి ప్రయోగం, అనువాదం.

1. ఉపోద్ఘాతం

గోప్యత గురించి వచ్చే రచనలు ఎక్కువగా చట్టం వైపు నుంచో సాంకేతికత వైపు నుంచో సాగుతాయి. భాషాసాహిత్య విద్యార్థి అడగగల ప్రశ్న మరొకటి ఉంది. టీవీ కొన్నరోజు తెరపై వచ్చే సుదీర్ఘమైన నిబంధనల పాఠాన్ని ఎవరూ చదవరని అందరికీ తెలుసు. కానీ చదివినవారికైనా అది అర్థమయ్యేలా ఉందా? చదవకపోవడం పాఠకుని లోపమైతే, చదివినా తెలియకపోవడం పాఠ్యం లోపం. ఈ రెండో లోపాన్ని మొదటి దాని వెనుక దాచడం చాలాకాలంగా సాగుతోంది.

పాఠ్యంలోకి వెళ్లేముందు, అది దేని గురించి మాట్లాడుతోందో తెలియాలి. టీవీ మన వీక్షణను గుర్తించే పద్ధతికి ఏసీఆర్ అని పేరు. అంటే ప్రసార విషయాన్ని దానంతటదే పోల్చుకోవడం. తెరపై కనిపించే దృశ్యం నుంచో, వినిపించే ధ్వని నుంచో టీవీ అతి స్వల్ప వ్యవధిలో ఒక చిన్న గుర్తును తయారు చేస్తుంది. దాన్ని వేలిముద్రతో పోల్చవచ్చు. మొత్తం బొమ్మ బయటికి వెళ్లదు, ఆ ముద్ర మాత్రమే వెళ్తుంది. అవతలి సర్వర్‌లో సినిమాల, ధారావాహికల, ప్రకటనల ముద్రలు ముందే భద్రమై ఉంటాయి. రెండూ సరిపోలితే ఈ ఇంట్లో ఈ క్షణంలో ఫలానా కార్యక్రమం నడుస్తోందని తేలుతుంది. ఇంటి పెళ్లి వీడియో వేసుకుంటే దాని ముద్ర ఆ భాండాగారంలో ఉండదు కనుక పోలిక కుదరదు.

ఇందులో చాలామందికి తెలియని అంశం ఒకటుంది. ముద్ర తయారయ్యేది తెర దగ్గర. కార్యక్రమం ఎక్కడి నుంచి వచ్చిందన్నది దానికి అడ్డు కాదు. లండన్, కాలిఫోర్నియా, మాడ్రిడ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2024లో శాంసంగ్, ఎల్‌జీ టీవీలను బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ పరీక్షించారు. హెచ్‌డీఎంఐ తీగతో ల్యాప్‌టాప్ తగిలించి టీవీని కేవలం తెరగా వాడినప్పుడు కూడా ఏసీఆర్ రాకపోకలు సాగాయని వారు గమనించారు. ఎల్‌జీ టీవీ దాదాపు 15 సెకన్లకోసారి, శాంసంగ్ టీవీ నిమిషానికోసారి ముద్రలు పంపాయి. కేబుల్ పెట్టెతో చూస్తున్నాం కాబట్టి టీవీకి తెలియదనుకోవడం పొరపాటని దీన్నిబట్టి చెప్పవచ్చు.

2. విజియో ప్రకటన

విజియో అమెరికాలో పేరున్న టీవీ సంస్థ. 2014 ఫిబ్రవరి నుంచి అది తన టీవీల ద్వారా వీక్షణ వివరాలను క్షణక్షణం సేకరించిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, న్యూజెర్సీ రాష్ట్రం అభియోగం మోపాయి. టీవీల సంఖ్య కోటి పది లక్షలు. అప్పటికే అమ్ముడై ఇళ్లలో ఉన్న పాత టీవీల్లోకి కూడా సంస్థ దూరం నుంచే ఆ సాఫ్ట్‌వేర్‌ను చేర్చింది. వీక్షణ వివరాలతోపాటు ఇంటి ఐపీ చిరునామా కూడా వ్యాపార సంస్థలకు చేరింది. వారు దానికి ఆ ఇంటివారి వయసు, ఆదాయం, వైవాహిక స్థితి, చదువు వంటివి జోడించగలిగారు. పేరుతో గుర్తించరాదని ఒప్పందంలో ఉన్న మాట నిజమే. అయితే పేరు తప్ప తక్కినవన్నీ తెలిసిన మనిషి అనామకుడెలా అవుతాడన్నది ఆ ఒప్పందం తేల్చని ప్రశ్న. 2017 ఫిబ్రవరిలో సంస్థ 22 లక్షల డాలర్లు చెల్లించడానికీ, 2016 మార్చి 1కి ముందు సేకరించిన సమాచారాన్ని తొలగించడానికీ అంగీకరించడంతో వ్యవహారం ముగిసింది.

మన పరిశీలనకు కావలసింది పాత టీవీల తెరపై ఆ సంస్థ చూపిన ప్రకటన. దాని సారం ఇది: విజియో గోప్యతా విధానం మారింది, మీ టీవీలో Smart Interactivity ప్రారంభించబడింది, కావాలంటే సెట్టింగ్స్‌లో దాన్ని ఆపుకోవచ్చు, వివరాలకు ఫలానా వెబ్ చిరునామా చూడండి, ఈ సందేశం ఒక నిమిషంలో తొలగిపోతుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూసినా, అది కార్యక్రమాల ఆఫర్లకూ సూచనలకూ వీలు కల్పిస్తుందన్న ఒక్క ముక్కే ఉండేది. వీక్షణ నమోదు అన్న మాట ఎక్కడా లేదు.

ఈ పాఠ్యంలో అబద్ధం చెప్పిన వాక్యం ఒక్కటీ లేదు. విధానం మారింది నిజం, ప్రారంభమైంది నిజం, ఆపుకోవచ్చు నిజం. అయినా పాఠకుడు మోసపోతాడు. ఆ మోసం రెండు చోట్ల ఉంది: ఒకటి పేరులో, రెండోది క్రియలో.

పేరు సంగతి త్వరగా తేల్చవచ్చు. నామవాచకంలో క్రియ ఉండదు కనుక ఎవరు, దేన్ని, ఎవరికి అన్న ప్రశ్నలు పుట్టవు. ఎల్‌జీ టీవీల్లోని Live Plus, శాంసంగ్ టీవీల్లోని Viewing Information Services ఇదే తరహావి. రెండో దానిలో చూడటం అన్న మాటైనా మిగిలింది కానీ, ‘సేవ’ అనగానే ఇచ్చేది సంస్థ, పుచ్చుకునేది మనం అన్న భావం కలుగుతుంది. సమాచారం ప్రవహించే దిశ దీనికి సరిగ్గా ఎదురు. అమెరికాలోని రోకు టీవీల్లో కనిపించే Use info from TV inputs వీటికంటే మెరుగు. ఎక్కడి నుంచి తీసుకుంటారో అది చెప్పింది. ఎవరు, దేనికి వాడతారన్నది చెప్పలేదు.

3. క్రియలోని కర్త

ప్రకటనలో కీలకం ‘ప్రారంభించబడింది’ అన్న కర్మణి ప్రయోగం. ఆంగ్లంలో ఇది సహజమే. తెలుగు వాడుకలో ‘బడు’ ధాతువు చేర్చిన కర్మణి వాక్యాలు అరుదు. కార్యాలయ పత్రాల్లో, అనువాదాల్లో, ఇప్పుడు ఫోన్ల తెరలపై అవి పెరిగాయి. శైలి కృతకమైందని మాత్రమే మనం ఇంతకాలం వాటిని తప్పుపట్టాం. ఇక్కడ సమస్య శైలిది కాదు.

తెలుగు సమాపక క్రియ పురుషవచనాలను తన చివర మోస్తుంది. ‘ప్రారంభించాం’ అంటే మేము, ‘ప్రారంభించారు’ అంటే మీరో వారో. కర్తృపదాన్ని వాక్యంలోంచి తీసేసినా క్రియాంతంలో కర్త జాడ మిగులుతుంది. అందుకే కర్తను దాచదలచినవారికి తెలుగు క్రియ ఒక ఇబ్బంది. ‘బడు’ ఆ ఇబ్బందిని తీరుస్తుంది: ‘ప్రారంభించబడింది’లో క్రియ అన్వయించేది ప్రారంభమైన వస్తువుతో, ప్రారంభించిన సంస్థతో కాదు. ఇంతకంటే నేర్పైన దారి మరొకటుంది. ‘చేయు’ బదులు ‘అగు’ వాడటం. ‘ఆన్ చేశాం’ అనాల్సిన చోట ‘ఆన్ అయింది’ అంటే వాక్యం స్వచ్ఛమైన వాడుకభాషలోనే ఉంటుంది, ఎబ్బెట్టుగా తోచదు, కర్త మాత్రం మాయమవుతాడు. కాబట్టి సరళమైన తెలుగు అన్న ఒక్క కొలమానం చాలదు. సరళంగా ఉంటూనే వాక్యం సగం దాచగలదు.

విజియో ప్రకటనను సహజమైన తెలుగులో, కర్తతో సహా రాస్తే ఇలా ఉంటుంది: “ఈ టీవీలో మీరు ఏం చూస్తున్నారో మేము క్షణక్షణం నమోదు చేస్తున్నాం. కేబుల్ ద్వారా చూసినా, డిస్క్ వేసుకుని చూసినా నమోదు చేస్తాం. ఆ వివరాలను మీ ఇంటి ఐపీ చిరునామాతో కలిపి ఇతర సంస్థలకు ఇస్తాం. మిమ్మల్ని అడగకుండానే దీన్ని ప్రారంభించాం.” పొడవులో మూలానికి పెద్ద తేడా లేదు. అంటే తెరపై చోటు చాలదన్న వాదన నిలవదు.

ఆపుకోవచ్చన్న వాక్యాన్ని కూడా నమ్మకంతో కాక పరీక్షతో చదవాలి. 2013 నవంబరులో బ్రిటన్‌లో ఒక వినియోగదారుడు తన ఎల్‌జీ టీవీలో Collection of watching info అన్న ఐచ్ఛికాన్ని ఆపి, ఇంటి నెట్‌వర్క్ మీద సాగే రాకపోకలను పరిశీలించాడు. ఆపిన తర్వాత కూడా చానెల్ వివరాలు వెళ్తూనే ఉన్నాయి. యూఎస్‌బీలోని ఫైళ్ల పేర్లు కూడా వెళ్లాయి. సంస్థ లోపాన్ని అంగీకరించి సాఫ్ట్‌వేర్ సవరణ ప్రకటించింది. 2024 పరిశోధనలో మాత్రం ఐచ్ఛికాలన్నీ ఆపాక ఏసీఆర్ సర్వర్లతో రాకపోకలు ఆగిపోయాయి. ఎవరైనా తమ ఇంటి రౌటర్ చిట్టాలో alphonso.tv లేదా samsungcloud.tv చిరునామాల్లో acr అన్న అక్షరాలున్నవి కనిపిస్తున్నాయేమో చూసి, ఆపడానికి ముందూ తర్వాతా పోల్చుకోవచ్చు. ఆ చిట్టాలోని పంక్తికి కర్త ఉంటుంది: ఏ పరికరం ఎవరిని పిలిచిందో అది చెబుతుంది.

4. మాట వినడం గురించిన వాక్యం

2015 ఫిబ్రవరిలో వివాదమైన శాంసంగ్ వాక్యం మరో రకం. మీరు పలికే మాటల్లో వ్యక్తిగతమైన, సున్నితమైన సమాచారం ఉంటే, అది కూడా మూడో పక్షానికి వెళ్లే వివరాల్లో చేరుతుందని గమనించండి అన్నది దాని భావం. ఆ మూడో పక్షం మాటను అక్షరంగా మార్చే న్యూయాన్స్ అనే సంస్థ. విజియోతో పోలిస్తే ఈ వాక్యం నిజాయితీగలదే. మాట బయటికి వెళ్తుందని చెప్పింది. కానీ ‘ఉంటే’ అన్న చేదర్థకం బాధ్యతను వినేవాడి మీంచి పలికేవాడి మీదికి నెట్టింది. ఇంట్లో మాట్లాడుకునేది వ్యక్తిగతం కాక మరేమిటి?

వాక్యం చెప్పని విషయం వినడంలోని దశలు. రిమోట్‌పై మైకు బొత్తాం నొక్కి మాట్లాడే పద్ధతిలో, నొక్కినప్పుడే మాట సర్వర్‌కు వెళ్తుంది. పిలుపుమాటతో పనిచేసే టీవీలో మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది; పిలుపుమాట కోసం పరికరం తనలో తాను వింటుంది, అది వినిపించాక వచ్చిన మాటను పంపుతుంది. పిలుపును పోలిన వేరే మాట వినిపించి పొరపాటున మేల్కొనడమే ఇక్కడి ప్రమాదం. ‘వింటుంది’ అన్న ఒకే క్రియ ఈ రెండింటినీ కలిపేస్తే అనవసర భయమైనా కలుగుతుంది, అనవసర ధీమా అయినా కలుగుతుంది. వివాదం తర్వాత శాంసంగ్ తన పాఠాన్ని సవరించి ఈ తేడాను వివరించవలసి వచ్చింది.

5. తెలుగులో రాబోయే నోటీసు

ఈ చర్చ తెలుగు శాఖలకు పరాయిది కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి కోరే నోటీసును ఆంగ్లంలో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. ఆ భాష స్పష్టంగా, సాదాగా ఉండాలి. ఇచ్చినంత సులువుగా సమ్మతిని వెనక్కి తీసుకోగలగాలి. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి. నోటీసు, సమ్మతులకు సంబంధించిన విధుల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. అంటే ఈ నోటీసుల అనువాదాలు సిద్ధమయ్యే కాలం ఇదే. మూలంలోని కర్మణిని యథాతథంగా ‘బడు’తో దించితే తెలుగులో నోటీసు ఇచ్చినట్టూ ఉంటుంది, చట్టం కోరిన స్పష్టత రాకుండానూ ఉంటుంది. తెలుగు అనువాదాన్ని పరిశీలించేవారు ప్రతి సమాపక క్రియ దగ్గర ఆగి, దాని పురుషవచనాలు ఎవరితో అన్వయిస్తున్నాయో చూస్తే ఈ లోపం వెంటనే పట్టుబడుతుంది.

అయితే కర్తను తెచ్చి నిలబెట్టినా ఒక చిక్కు మిగులుతుంది. అది ‘మీరు’ అన్న మాటలో ఉంది. తెలుగులో అది ఒక్కరికి గౌరవవాచకం, పలువురికి బహువచనం. ‘మీరు అంగీకరించారు’ అన్నప్పుడు అంగీకరించింది రిమోట్ పట్టుకున్న ఒక్కరు. నమోదయ్యేది మధ్యాహ్నం ధారావాహిక చూసే అత్తగారి వీక్షణ, సాయంత్రం కార్టూన్లు చూసే పిల్లవాడి వీక్షణ, మైకు తెరిచి ఉంటే పండుగకు వచ్చిన బంధువుల మాట కూడా. అదే చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది, వారి ప్రవర్తనపై నిఘాను నిషేధిస్తుంది. నడిగదిలోని తెరకు తన ముందున్నది ఎవరో తెలియదు. నోటీసులోని మొదటి ‘మీరు’ ఏకవచనం, రెండోది బహువచనం. రెంటికీ రూపం ఒక్కటే కావడంతో ఒకరి సమ్మతి ఇంటిల్లిపాది సమ్మతిగా చెల్లిపోతోంది. ‘ఈ టీవీ ముందు కూర్చున్న ప్రతివారూ’ అని రాయగలిగే సంస్థ, ఆ ప్రతివారినీ ఎలా అడుగుతుందో కూడా రాయవలసి వస్తుంది.