37 డిగ్రీల దగ్గర

నిటినాల్ స్టెంట్‌ను చాలామంది "ఒంటి వేడికి విచ్చుకునే స్టెంట్" అంటారు. అందులో సగమే నిజం. స్టెంట్లకు వేడి పెట్టే విభాగంలో పనిచేసేదాన్ని కాబట్టి మిగతా సగం కూడా చెప్పాలనిపిస్తుంది. తొడ రక్తనాళంలో ఆ స్టెంట్‌ను నిలబెట్టేది ఆ సగమే.

గుండె స్టెంట్ సంగతి అందరికీ తెలిసిందే. హైదరాబాద్‌లో రూపొందిన కలాం-రాజు స్టెంట్ స్టీలుది. అలాంటివాటిని బెలూన్‌తో ఉబ్బించి, లోహాన్ని శాశ్వతంగా సాగదీసి లోపల వదిలేస్తారు. తొడలో ఆ పద్ధతి పనికిరాదు. మోకాలు ముడిచినప్పుడల్లా అక్కడి నాళం వంగుతుంది, మెలిపడుతుంది, పొడవు తగ్గుతుంది. పైనుంచి గట్టిగా ఒత్తిడి పడి నొక్కుకుపోయిన స్టీలు తిరిగి లేవదు. నికెల్, టైటానియం దాదాపు సమానంగా కలిసిన నిటినాల్ లేస్తుంది.

స్టీలు అర శాతం సాగకముందే దాని వంపు శాశ్వతమైపోతుంది. నిటినాల్ ఆరేడు శాతం దాకా సాగి కూడా వెనక్కి వస్తుంది. వేడిగా ఉన్నప్పుడు దాని పరమాణువులు ఘనాకారపు వరసల్లో ఉంటాయి. దాన్ని ఆస్టెనైట్ అంటారు. చల్లబరిచినా, గట్టిగా నొక్కినా ఆ వరసలు ఒరిగి మార్టెన్‌సైట్ అవుతాయి. బంతిలో కూర్చున్నవాళ్ళంతా చోటు మారకుండా ఒకేసారి ఒక పక్కకు వాలినట్టన్నమాట. ఏ పరమాణువుకూ పక్కనున్న పరమాణువు మారదు కాబట్టి, ఒత్తిడి తీయగానే అంతా యథాస్థానానికి వస్తుంది. సూపర్‌ఎలాస్టిసిటీ అంటే ఇదే.

మా దగ్గర జరిగే పని ఇది. రెండు మిల్లీమీటర్ల సన్నటి గొట్టంలో లేజర్‌తో జాలీ కోస్తారు. దాన్ని ఒకదాని కంటే ఒకటి లావైన కడ్డీల మీద ఎక్కిస్తూ, ప్రతిసారీ 500 డిగ్రీల ప్రాంతంలో కొన్ని నిమిషాలు ఉంచి నీళ్ళలో ముంచుతాం. చివరికి ఏడు మిల్లీమీటర్ల వ్యాసం వచ్చిందనుకుందాం. లోహం ఆ కొలతనే తన ఆకారంగా పెట్టుకుంటుంది. తర్వాత దాన్ని బాగా చల్లబరిచి, మెత్తబడ్డాక ముడిచి, సన్నటి తొడుగులోకి ఎక్కిస్తారు. గది వేడికి వచ్చాక అది విచ్చుకోవాలని చూస్తుంది, తొడుగు ఆపుతుంది. అంటే డాక్టరు తొడుగును వెనక్కి లాగే క్షణం దాకా దాన్ని మార్టెన్‌సైట్‌గా పట్టి ఉంచేది చలి కాదు, ఒత్తిడి. లాగగానే ఆరు మిల్లీమీటర్ల నాళంలో అది ఆరు దాకా విచ్చుకుని ఆగుతుంది. ఇంకో మిల్లీమీటరు విచ్చుకోవాలన్న ప్రయత్నమే దాన్ని గోడకు అంటిపెట్టుకుని ఉండేలా చేస్తుంది.

నాకు ఎప్పటికీ అబ్బురంగా ఉండేది ఇక్కడే. నిటినాల్ విచ్చుకునే దారీ, ముడుచుకునే దారీ ఒకటి కావు. విచ్చుకునేటప్పుడు అది తోసే బలం తక్కువ, దాన్ని మళ్ళీ ముడవాలంటే కావలసిన బలం ఎక్కువ. అందుకే నాళం గోడను మెత్తగానే తోస్తూ, బయటినుంచి నొక్కితే మాత్రం గట్టిగా ఎదురు నిలుస్తుంది.

ఇదంతా నిలిచేది ఒక్క అంకె మీద. లోహం పూర్తిగా ఆస్టెనైట్‌గా మారే ఉష్ణోగ్రతను ఏఎఫ్ అంటాం. అది 37 కంటే కాస్త కింద, 25 ప్రాంతంలో ఉండాలి. 37 దాటితే స్టెంట్ పూర్తిగా విచ్చుకోదు. మరీ కిందకు పోతే అవసరానికి మించి గోడను తోస్తుంది. పది డిగ్రీల తేడాకు లోహం తోసే ఒత్తిడి 60 మెగాపాస్కల్స్ పైనే మారుతుంది. పరమాణువుల లెక్కన నికెల్ 0.1 శాతం మారితే చాలు, ఏఎఫ్ సుమారు పది డిగ్రీలు జరుగుతుంది. 450 డిగ్రీల దగ్గర ఎక్కువసేపు ఉంచితే నికెల్ ఎక్కువగా ఉండే సన్నటి రేణువులు ఏర్పడి, మిగతా లోహంలో నికెల్ తగ్గి, ఏఎఫ్ పైకి పోతుంది. కొలిమి దగ్గర నిమిషాలు లెక్కపెట్టేది అందుకే.

పరీక్ష కళ్ళతోనే చూడొచ్చు. బాగా చల్లటి ఆల్కహాల్‌లో ముక్కను వంచి వదిలితే వంగినట్టే ఉంటుంది. ద్రవాన్ని మెల్లగా వేడి చేస్తుంటే ఒక అంకె దగ్గర కదలిక మొదలై, ఇంకో అంకె దగ్గర ముక్క పూర్తిగా తన ఆకారానికి వచ్చేస్తుంది. రెండో అంకె ఏఎఫ్.

ఆకారం తిరిగి వచ్చినంత మాత్రాన అలుపు లేదని కాదు. 2005లో జర్మనీ వైద్యులు తొడ నాళంలో ఇలాంటి స్టెంట్లు వేసిన 121 కాళ్ళను ఎక్స్‌రే తీస్తే 45 కాళ్ళలో జాలీ విరిగి కనిపించింది. విరిగిన చోట నాళం మళ్ళీ పూడుకుపోవడమూ ఎక్కువే. ఒక్కసారి ఆరు శాతం తట్టుకునే లోహం, లక్షలసార్లు అటూ ఇటూ ఊగితే అర శాతం లోపే పగలొచ్చు. ఆ పగులు చాలాసార్లు లోహంలో చిక్కుకున్న కార్బైడ్, ఆక్సైడ్ రేణువు దగ్గర మొదలవుతుంది. దాన్ని మేం పెట్టే వేడి బాగుచేయలేదు, గొట్టం కరిగించినప్పుడే శుభ్రంగా ఉండాలి. పొడవాటి స్టెంట్లు, ఒకదాని మీద ఒకటి వేసినవి ఎక్కువగా విరిగాయి. ఆ తర్వాత వచ్చిన డిజైన్లలో జాలీ గళ్ళ మధ్య కలుపులు తగ్గించి, కాలితో పాటు వంగేలా చేశారు.

కాలిలో స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఆస్పత్రి ఇచ్చే చిన్న కార్డును పారేయకండి. దాని మీదుండే లాట్ నంబరు పట్టుకుంటే ఆ స్టెంట్ ఏ గొట్టం నుంచి వచ్చిందో, దాని ఏఎఫ్ ఎంత నమోదైందో తయారీదారు వెతికి తీయగలరు. నికెల్ పడని ఒళ్ళయితే ఆ సంగతి స్టెంట్ వేయకముందే డాక్టరుకు చెప్పండి.