‘ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు’

తల్లిదండ్రులు పిల్లలకు రాసే గిఫ్ట్ డీడ్ ముసాయిదా చేతికొస్తే నేను మొదటి పేజీ నుంచి చదవను. ‘ప్రేమాభిమానాలతో’ అనే పేరా అందరికీ ఒకటే. స్వాధీనం గురించి, రద్దు గురించి ఏం రాశారో ముందు వెతుక్కుంటాను. మనసులో ఉన్నదొకటి, కాగితం మీద పడ్డదొకటి అయ్యేది సాధారణంగా అక్కడే.

ఈమధ్య భివండీ నుంచి ఒకటి వచ్చింది. వివరాలు కాస్త మార్చి చెబుతున్నాను. తెలంగాణ నుంచి వచ్చి పద్మనగర్‌లో స్థిరపడిన పద్మశాలీ కుటుంబం. కింద సాంచాలు, పైన కాపురం. పూర్ణలో ఒక గాలా ఉంది, గోదాముకి అద్దెకిచ్చారు. రెండూ తండ్రి స్వార్జితం. (తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే, ఆయనొక్కడే దానమివ్వగలడా అన్న దగ్గరే ఆగిపోవాలి.) రెండూ కొడుక్కి రాస్తారట.

స్వాధీనం పేరాలో ‘ఈ రోజే ఖాళీ చేసి అప్పగించాను’ అని ఉంది. పెద్దాయన పడుకునేది ఆ ఇంట్లోనే, గాలా అద్దె వచ్చేదీ ఆయన చేతికే. అబద్ధం ఎందుకు రాశారంటే, అప్పగించానని రాయకపోతే దానం చెల్లదని ఎవరో చెప్పారట. ఆ భయం అక్కర్లేదు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన రేణికుంట్ల రాజమ్మ కేసులో 2014లో సుప్రీంకోర్టు తేల్చేసింది. స్థిరాస్తి దానానికి కావలసింది రిజిస్టర్డ్ పత్రం, ఇద్దరు సాక్షుల సంతకాలు, దాత బతికుండగా గ్రహీత అంగీకారం. స్వాధీనం ఇచ్చితీరాలన్న నియమం లేదు. ఆ కేసులో దాత జీవితాంతం ఉండే హక్కు, అద్దెలు తీసుకునే హక్కు తనకే ఉంచుకుంది. అయినా దానం నిలిచింది, తర్వాత ఆమె రాసిన రద్దు పత్రం నిలవలేదు. అందుకే ఉన్నమాటే రాయమన్నాను: తల్లీ తండ్రీ బతికున్నన్నాళ్లు పై అంతస్తులో ఉంటారు, ఆ హక్కు కొడుకు ఇల్లు అమ్మినా పోదు.

రద్దు పేరా ఇంకా ప్రమాదం. ‘నాకు ఇష్టమైనప్పుడు రద్దు చేసుకోవచ్చు’ అట. ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ప్రకారం దాత ఇష్టం మీదే ఆధారపడిన రద్దు షరతు చెల్లదు. దాత ఇష్టంతో పనిలేని, ఇద్దరూ ముందే ఒప్పుకున్న ఏదో ఒక ఘటన జరిగితే రద్దు అని మాత్రం రాసుకోవచ్చు. పెద్దాయనకు కావలసింది నిజానికి రద్దు హక్కు కాదు, రేపు కొడుకు అన్నం పెట్టకపోతే ఏమిటన్న ధైర్యం. దానికి 2007 నాటి వృద్ధుల సంరక్షణ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. కనీస అవసరాలు చూడాలన్న షరతు మీద ఇచ్చి, కొడుకు చూడకపోతే ట్రిబ్యునల్, అంటే ఇక్కడ ప్రాంత్ అధికారి, ఆ బదిలీని రద్దు చేయొచ్చు. కానీ షరతు ఉండాలి. అది లేదని సుదేశ్ ఛికారా కేసులో 2022లో సుప్రీంకోర్టు తల్లికి అనుకూలమైన ఉత్తర్వును కొట్టేసింది. ఊర్మిళా దీక్షిత్ కేసులో 2025లో తల్లి గెలిచింది. కొడుకు విడిగా రాసిచ్చిన హామీపత్రం అక్కడ అక్కరకొచ్చింది. విడికాగితం ఎందుకు, దానపత్రంలోనే తిండి, మందులు, ఆస్పత్రి, నివాసం అని పేరుపేరునా రాసి, కొడుకు చేత సంతకం పెట్టించడమే మేలు. సంతకం రోజుకి తండ్రికి 60 దాటాయో లేదో కూడా చూసుకుంటాను.

ఇక స్టాంపు. మహారాష్ట్రలో కొడుక్కో కూతురికో ఇచ్చే నివాస గృహానికి, వ్యవసాయ భూమికి 200 రూపాయలే. ఆ మాట విని మొత్తం ఆస్తిని ‘నివాసం’ అని రాసేశారు. కింద సాంచాలు ఆడే చోటు నివాసం ఎలా అవుతుంది? పూర్ణ గాలా అసలే కాదు. వాటికి మార్కెట్ విలువ మీద 3 శాతం. రెడీ రెక్నర్ లెక్కలో మగ్గాల భాగం 18 లక్షలు, గాలా 40 లక్షలు అనుకుంటే, 58 లక్షల మీద 1,74,000 రూపాయలు. స్థానిక సర్‌చార్జి పడితే అది వేరు. తక్కువ కట్టినట్టు తేలితే ఆ తేడా మీద నెలకు 2 శాతం దండన. అన్నిటికీ మించి, లోటు పూడ్చేదాకా కోర్టు ఆ పత్రాన్ని సాక్ష్యంగా తీసుకోదు. కాపాడుతుందనుకున్న షరతూ ఆ పత్రంలోనే ఉంది మరి.

గాలాని వీలునామాలో పెట్టమన్నాను: స్టాంపు డ్యూటీ ఉండదు, బతికున్నన్నాళ్లు మార్చుకోవచ్చు. పెద్దాయన కోరిన ‘ఇష్టమైనప్పుడు’ అన్నది అక్కడ నిజంగా దొరుకుతుంది. కొడుకు ఒప్పుకోలేదు, బ్యాంకు లోనుకి ఇప్పుడే తన పేరు మీద కావాలట. సరే, అయితే 3 శాతం కట్టాలి, అద్దెదారుకి ఇకపై అద్దె ఎవరికివ్వాలో తండ్రి సంతకంతో ఉత్తరం వెళ్లాలి. అద్దె తండ్రే ఉంచుకోవాలంటే ఆ మాటా పత్రంలో ఉండాలి. గోదాము వాళ్లిచ్చిన డిపాజిట్ ఎవరి దగ్గరుందని అడిగితే, తండ్రీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాంతో ఎప్పుడో కొత్త సాంచాలు కొన్నారు. అది తిరిగివ్వాల్సింది ఎవరో తేల్చి రాశాకే ముసాయిదా మళ్లీ పంపమన్నాను.