ఉగ్గాని వీడియోకు పేరు పెట్టడం

కర్నూలు, కడప జిల్లాల్లో బొరుగులను నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లే ఉగ్గానిని, బొరుగులను మరమరాలు అనే జిల్లాలవారు ‘మరమరాల ఉప్మా’ అని వెతికే వీలుంది కాబట్టి, యూట్యూబ్‌లో ఈ వంట నేర్పే వీడియో ఎవరి కంటపడుతుందన్నది చాలావరకు దాని శీర్షికను బట్టి ఉంటుంది.

ఆటోకంప్లీట్, అంటే సెర్చ్ బాక్సులో కొన్ని అక్షరాలు కొట్టగానే కింద దిగే సూచనల వరుస, ప్రధానంగా జనం వెతికిన మాటలనుంచే తయారవుతుంది. అయితే వెతికేవారి పాత వెతుకులాట, భాష, ఊరు కూడా అందులో కలుస్తాయి కనుక, ఖాతానుంచి బయటికి వచ్చి ఇన్‌కాగ్నిటో విండోలో చూడడం మేలు. అలా చూసినా ఊరి ప్రభావం పూర్తిగా పోదు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవారు ఎందరో ఉన్నందున `uggani` అని ఒకసారి, ‘ఉగ్గాని’ అని మరొకసారి వెతికి, రెండు జాబితాలనూ విడివిడిగా రాసుకోవాలి.

జనం ప్రశ్నలుగా వెతికే మాటల విషయంలో, శీర్షికలు పెట్టడం నేర్పే ఇంగ్లిషు పాఠాలు అంతగా పనికిరావు. అక్కడ `how to` ముందు వస్తే, తెలుగులో ‘ఎలా చేయాలి’ వంట పేరు తరువాత వస్తుంది. పైగా వంటింటి సందేహాలు చాలావరకు ‘ముద్ద కాకుండా’, ‘పొడిపొడిగా రావాలంటే’ అన్నట్టు ప్రశ్నార్థకమే లేకుండా ఉంటాయి. బొరుగులు ఎక్కువసేపు నానితే ఉగ్గాని ముద్దవుతుంది కాబట్టి ఈ సందేహం ఊహించి పెట్టినది కాదు.

గూగుల్‌లో వెతికితే ఫలితాల పేజీ అడుగున కనిపించే సంబంధిత శోధనలు ఇరుగుపొరుగు విషయాలను చూపుతాయి. అక్కడ మిరపకాయ బజ్జీ కనిపించిందని, వీడియోలో బజ్జీ వేయకుండానే దాన్ని శీర్షికలోకి ఎక్కించడం చూసేవారిని మోసగించడమే. దానికి వేరే వీడియో చేసుకోవాలి.

యూట్యూబ్ శీర్షికకు 100 అక్షరాల వరకు చోటిచ్చినా, ఫోను తెరపై చివరి భాగం తెగిపోతుంది కనుక ముఖ్యమైన మాటలు ముందుండాలి:

```
ఉగ్గాని ముద్ద కాకుండా ఎలా చేయాలి | మరమరాల ఉప్మా | Uggani
```

ఇందులో స్థానికులు వాడే పేరు, సందేహం ముందు నిలిచి, బయటి జిల్లాలవారి పేరు, ఇంగ్లిషు అక్షరాల రూపం వెనక చేరాయి. నానబెట్టే సమయం, పిండే తీరు వీడియో మొదట్లోనే కనిపించకపోతే ఈ శీర్షిక చెల్లదు.

ఏ సూచనను ఎందరు వెతుకుతున్నారో ఆటోకంప్లీట్ చెప్పదు. సూచన రానంత మాత్రాన అడిగేవారే లేరనుకోవడమూ తప్పే, ఎందుకంటే కొద్దిమంది మాత్రమే వాడే మాటలు జాబితాకు ఎక్కకపోవచ్చు. అందువల్ల వీడియో పెట్టిన కొన్ని వారాలకు యూట్యూబ్ స్టూడియోలో, సెర్చ్ ద్వారా వచ్చినవారు ఏ మాటలు కొట్టారో చూసి, ‘మరమరాల ఉప్మా’తో వచ్చేవారే ఎక్కువైతే ఆ పేరును ముందుకు జరపవచ్చు.