నలభై మందికే అని రాయకుండా

పెళ్లి శుభలేఖలో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: సకుటుంబ సపరివార సమేతంగా, బంధుమిత్రులతో విచ్చేసి వధూవరులను ఆశీర్వదించ ప్రార్థన. ప్రెస్సులో ఈ వాక్యం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. పేర్లు, తేదీ మారుస్తారు, దీన్ని ఎవరూ ముట్టుకోరు. పెళ్లికి అది సరిపోతుంది, పెళ్లికి రావలసింది ఊరే కదా. ఇంటి ముందు పందిట్లో నలభై మందితో ముగించాలనుకున్న నిశ్చితార్థానికి అదే వాక్యం వేస్తే మాత్రం ఇబ్బంది మొదలవుతుంది. పిలుపును నమ్మిన పెద్దాయన అక్షరాలా సపరివారంగా వ్యాను మాట్లాడుకుని దిగుతాడు. ఆయన తప్పేం లేదు, రమ్మన్నది మనమే.

వెంకటగిరికోట ప్రాంతంలో ఈ చిక్కుకు ఇంకో మెలిక ఉంది. చిత్తూరు జిల్లా అంచున ఉన్న ఈ ఊరి నుంచి ఒక దారి బేతమంగళం మీదుగా కోలారు బంగారు గనుల వైపు పోతుంది. మరొకటి నాయకనేరి కొండ దిగి తమిళనాడులోని పేర్ణంబట్టు చేరుతుంది. సంబంధాలు కూడా ఆ దారుల వెంటే కలుస్తాయి. అమ్మాయి ఇక్కడ, అబ్బాయి కర్ణాటకలో, అబ్బాయి అమ్మమ్మగారి ఊరు తమిళనాడులో అన్నది ఇక్కడ వింత కాదు. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చిన అక్షరాలు మాత్రం మూడు రకాలు. కాబట్టి చిన్న నిశ్చితార్థానికి రాసే పిలుపు ఎవరు రావాలో నొప్పించకుండా చెప్పాలి, రెండు వైపుల పెద్దలకూ ఒకేలా అర్థం కావాలి.

ఆ రోజు జరిగే పనిని ఒకసారి చూద్దాం. అబ్బాయి తరఫువాళ్లు పూలు, పండ్లు, చీర, స్వీట్లు పళ్లేల్లో సర్దుకుని వస్తారు. రెండు కుటుంబాల పెద్దలు ఎదురెదురుగా కూర్చుని ఆకువక్కలు మార్చుకుంటారు. పురోహితుడు లగ్నపత్రిక రాసి, నాలుగు మూలలా పసుపు అద్ది, పెళ్లి ముహూర్తం అందరికీ వినపడేలా చదువుతాడు. ఉంగరాలు, కేకు, ఫొటోలు ఆ తరువాత. అంటే మాట ఇచ్చిపుచ్చుకోవడమే అసలు పని, దానికి కావలసింది సాక్షులు. ప్రేక్షకులు ఎంతమంది ఉన్నా, లేకపోయినా ఒకటే. పత్రిక కూడా సాక్షిని పిలుస్తున్నట్టే ఉండాలి.

ఈ లెక్కన ప్రెస్సు నమూనాలోంచి ముందుగా తీసేయవలసింది పైన వేసే శ్లోకం. జానకి దోసిట్లోని ముత్యాలు రాముడి తల మీద పడినప్పుడు ఎలా మెరిశాయో చెప్పే ఆ శ్లోకం తలంబ్రాలది. నిశ్చితార్థంలో తలంబ్రాలు లేవు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అన్న మూడు మాటలు, ఇంటి ఇలవేల్పు పేరు ఉంటే చాలు. కాణిపాకం వరసిద్ధి వినాయకుడు, తిరుమల వెంకన్న, బోయకొండ గంగమ్మ, ఎవరి ఇలవేల్పు వారిది. తరువాత తీసేయవలసింది ‘దైవజ్ఞులు నిశ్చయించిన సుముహూర్తమున వివాహము’ అన్న వరస. నిశ్చయం ఇంకా జరగలేదు. జరిగేది ఆ రోజే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అమ్మాయిది వెంకటగిరికోట దగ్గరి పల్లె, అబ్బాయి వాళ్లది బేతమంగళం వైపు, అతని అమ్మమ్మగారిది పేర్ణంబట్టు. రెండు వైపులా కలిపి నలభై మంది. రోజు 2025 అక్షయ తృతీయ అనుకుందాం, అంటే ఏప్రిల్ 30, బుధవారం. గడిచిపోయిన తేదీని కావాలనే తీసుకున్నాను, ఎవరూ దీన్ని చూసి ముహూర్తం పెట్టేసుకోకుండా.

తేదీ రాసేటప్పుడే సరిహద్దు ఎదురవుతుంది. తెలుగు పంచాంగంలో అది శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, ఉత్తరాయణం, వసంత ఋతువు, వైశాఖ శుద్ధ తదియ, రోహిణి నక్షత్రం. కోలారు వైపువాళ్లదీ చాంద్రమానమే కాబట్టి వాళ్లకూ అదే. పేర్ణంబట్టు అమ్మమ్మగారికి మాత్రం అది చిత్తిరై 17. తమిళులది సౌరమానం. వాళ్ల సంవత్సరం ఆ ఏడాది ఏప్రిల్ 14న మొదలైంది, మన ఉగాది మార్చి 30నే అయిపోయింది. ఆ రెండు వారాల మధ్యలో పెట్టుకుని ఉంటే సంవత్సరం పేరే కలిసేది కాదు. మనకు విశ్వావసు వచ్చేసింది, వాళ్లకు ఇంకా క్రోధి నడుస్తోంది.

పేరు తేడాతో పోతే పరవాలేదు, ఒక్కోసారి రోజే కుదరదు. 2025లో మన ఆషాఢం జూలై 24తో ముగిసింది. శ్రావణం వచ్చిందని మనం సంబరపడేసరికి తమిళులకు ఆడి మాసం, ఆగస్టు 16 దాకా. ‘శ్రావణ శుద్ధ’ అని ఘనంగా అచ్చు వేయించాక, ఆడిలో మంచి పని ఏమిటని అమ్మమ్మ అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకని పత్రిక రాయకముందే తేదీని రెండు పంచాంగాల్లోనూ చూపించుకోవాలి. పత్రికలో ఇంగ్లీషు తేదీని పైన, పెద్దగా వేసి, తిథివారాలు కింద వేయడం మేలు. మూడు వైపులవాళ్లూ పట్టుకునేది దాన్నే.

వేళ కూడా ఊరికే పెట్టలేం. బుధవారం యమగండం 7.30 నుంచి 9, రాహుకాలం 12 నుంచి 1.30. ఇలాంటివి పాటించే ఇళ్లలో వచ్చేవాళ్లు 7.30 లోపలే బయలుదేరతారు, తాంబూలాలు 12 లోపల ముగించాలంటారు. 10 గంటలకు మిథున లగ్నం కుదురుతుంది. ‘ఉదయం 10 గంటలకు’ అని మాత్రమే రాస్తే మన జనం 11కి వస్తారు. పెళ్లికి ఆలస్యంగా వచ్చినవాళ్లు భోజనానికైనా అందుతారు, ఇక్కడ ఆలస్యమైతే సాక్ష్యమే తప్పిపోతుంది. రావలసిన వేళ, లగ్నం వేళ విడివిడిగా రాయాలి.

ఇప్పుడు పాఠం:

శ్రీరస్తు – శుభమస్తు – అవిఘ్నమస్తు
30-04-2025, బుధవారం
శ్రీ విశ్వావసు నామ సంవత్సర వైశాఖ శుద్ధ తదియ, రోహిణీ నక్షత్రం
పూజ్యులు ............ గారికి,
మా కుమార్తె చి॥ల॥సౌ॥ ............ కు, బేతమంగళం వాస్తవ్యులు శ్రీమతి ............, శ్రీ ............ గార్ల కుమారుడు చి॥ ............ తో సంబంధం కుదుర్చుకుంటున్నాము. ఇరు కుటుంబాల పెద్దల సమక్షంలో, ఉదయం 10 గంటలకు మిథున లగ్నంలో, మా ఇంట తాంబూలాలు మార్చుకోవాలని అనుకున్నాము. తమరు ఉదయం 9.30 కల్లా దయచేసి, దగ్గరుండి ఈ శుభకార్యం జరిపించి, పిల్లలను దీవించి, మధ్యాహ్నం మాతో కలిసి భోంచేయవలసిందిగా ప్రార్థన.
ఇట్లు
అమ్మాయి తల్లిదండ్రుల పేర్లు, అవ్వాతాతల పేర్లు, ఊరు

ఇందులో ‘కొద్దిమందిమే’ అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట చెప్పకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే చదివినవాడికి వెంటనే తోచేది ఎవరిని పిలవలేదా అనే. పరిమితిని మూడు చోట్ల దాచాం. ఇరు కుటుంబాల పెద్దల సమక్షంలో అన్నాం, కాబట్టి ఇది ఎవరి పనో తెలిసింది. మా ఇంట అన్నాం, కాబట్టి కల్యాణ మండపం కాదని, అరుగు మీద పట్టేంత మందేనని తెలిసింది. పై వరసలో పేరు రాసి తమరు అన్నాం, కాబట్టి పిలుపు ఆ మనిషికే. దగ్గరుండి జరిపించమనడంతో వచ్చే పెద్దాయనకు అతిథి హోదా కాక ఇంటి పెద్ద హోదా దక్కింది. అలా పిలిచిన మనిషి పొరుగువాళ్లను వెంటేసుకుని రాడు.

భార్యాభర్తలిద్దరూ రావాలంటే ‘తమ దంపతులు’ అని రాస్తారు. అది అచ్చులో అందరికీ ఒకటే పెడితే ప్రమాదం. భర్త పోయిన పెద్దమ్మ చేతికి ఆ పత్రిక వెళ్తే ఆ ఒక్క మాట దగ్గర ఆమె ఆగిపోతుంది. అచ్చులో తమరు అనే ఉంచి, దంపతులకు పంపేటప్పుడు పేరు వరసలో చేత్తో ఇద్దరి పేర్లూ రాస్తే సరిపోతుంది. నలభై మందే కనుక ఇది చేయగలిగిన పనే. అమ్మాయి తండ్రి లేని ఇంట్లో పిలిచే హక్కు తల్లిదే. ‘కీ॥శే॥ ............ గారి ధర్మపత్ని శ్రీమతి ............’ అని ఆమె పేరే ఇట్లు కింద రావాలి. ఆమెను పక్కకు పెట్టి చిన్నాయన పేరు మీద పిలవడం ఇప్పటికీ కొన్ని ఇళ్లలో జరుగుతోంది, నాకది నచ్చదు. చిన్నాయన పేరు ఆమె పేరు తరువాత రావచ్చు.

వియ్యాలవారి పేర్లలో ఇంకో గొడవ. మనకు పేరు ముందు అక్షరం ఇంటిపేరుది. తమిళనాడులో అది తండ్రి పేరుది, కర్ణాటకలో ఊరుదీ తండ్రిదీ రెండూ కావచ్చు. అవతలివాళ్ల ‘ఆర్’ ఏ రెడ్డివారో రాజువారో అని ఊహించి ఇంటిపేరుగా విప్పి అచ్చు వేస్తే, పళ్లేలు దింపకముందే నవ్వులపాలవుతాం. వాళ్లు తమ చేత్తో రాసి పంపిన పేర్లనే, వాళ్లు పెట్టిన వరసలోనే వేయాలి.

లిపి సంగతికొస్తే, కోలారు వైపు పెద్దలు తెలుగు అక్షరాలను కొంత తడుముకున్నా చదువుకోగలరు, కన్నడ లిపికీ మన లిపికీ ఉన్న దగ్గరితనం అలాంటిది. తమిళ బడిలో చదివినవారికి అది కుదరదు. ఆ నాలుగైదు ఇళ్లకు ఇదే పాఠాన్ని అబ్బాయి వైపు మేనమామ చేత తమిళంలో రాయించి, చిత్తిరై 17 అని వేయించడం మర్యాద. మూడు భాషలూ ఒకే కార్డు మీద ఇరికిస్తే అది బ్యాంకు ఫారంలా తయారవుతుంది.

ఫోనులో టైపు చేసిన పాఠాన్ని డీటీపీ చేసేవారికి పంపితే అలాగే అచ్చవుతుందనుకోవద్దు. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు, అవి యూనికోడ్ కావు. ఫోను అక్షరాలు అందులో నేరుగా దిగవు కాబట్టి చాలాసార్లు చూసి మళ్లీ కొడతారు. తప్పులు పుట్టేది అక్కడే. నిశ్చితార్థం కాస్తా నిశ్చితార్ధం అవుతుంది, ముహూర్తంలో దీర్ఘం ఎగిరిపోతుంది, ఆహ్వానం అహ్వానమవుతుంది. ప్రూఫును అమ్మాయి నాయన ఒక్కడే చూస్తే చాలదు. అవతలివాళ్ల పేర్లున్న వరసను ఫొటో తీసి వాళ్లకే పంపి, సరే అనిపించుకోవాలి.

ఇంత చేసినా పత్రిక ఒక్కటే పిలుపు కాదు. అవ్వాతాతలు, మేనమామలు, ఊరి పెద్దమనుషులకు ఇంటికి వెళ్లి, బొట్టుపెట్టి, ఆకువక్క చేతిలో పెట్టి నోటితో చెప్పాలి. వాట్సాప్ పత్రిక ఆ తరువాత వేళ గుర్తుచేయడానికి పనికొస్తుంది. దాన్ని కుటుంబ గ్రూపులో వేయకుండా ఒక్కొక్కరికి విడిగా పంపాలి. గ్రూపులో పడిన పిలుపు గ్రూపులో ఉన్న అందరిదీ అవుతుంది, నలభై కాస్తా నూట నలభై కావడానికి అదొక్కటి చాలు.

మిగిలేది పిలవనివాళ్లు. వాళ్లకు వార్త ఫొటోల ద్వారా తెలియకూడదు. తాంబూలాలు ముగిసిన రోజు సాయంత్రమే, ఎవరూ స్టేటస్ పెట్టకముందే, వాళ్లకు ఇంకో చిన్న పాఠం వెళ్లాలి: ‘ఈ రోజు ఇరు ఇళ్ల పెద్దలు కూర్చుని మా అమ్మాయికి బేతమంగళం సంబంధం ఖాయం చేశారు. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాము. శుభలేఖ తీసుకుని మేమే మీ ఇంటికి వస్తాము.’ ఈ మూడో వాక్యం రాసినవాళ్లు తరువాత ఆ ఇళ్లకు తప్పకుండా వెళ్లాలి, పోస్టులో పంపితే కుదరదు.