72 లెక్క ఎంతవరకు నమ్మొచ్చు?

పోస్టాఫీసులో కిసాన్ వికాస్ పత్ర కొనడానికి వెళ్లినవాళ్లు వడ్డీ శాతం అడగడం తక్కువ. ‘ఎన్నాళ్లకు రెట్టింపవుతుంది?’ అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న. ఆ పథకాన్ని తీర్చిదిద్దింది కూడా ఈ ప్రశ్న కోసమే. ఇందులో వడ్డీ చేతికి రాదు. ఏడాదికోసారి అసలులో కలుస్తూ పోయి, సొమ్ము రెండింతలైన నెలలో గడువు తీరుతుంది. 2023 ఏప్రిల్‌లో దీని వడ్డీ 7.5 శాతానికి చేరింది. గడువు 115 నెలలని, అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలని ప్రకటించారు.

ఈ 115 నెలల లెక్క తేల్చడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు. 72ను 7.5తో భాగిస్తే 9.6 ఏళ్లు వస్తుంది. నెలల్లో చెప్పాలంటే 115కు కాస్త పైన. వడ్డీ శాతంతో 72ను భాగిస్తే సొమ్ము రెట్టింపయ్యే ఏళ్లు వస్తాయన్నదే ఈ చిట్కా. 6 శాతానికి 12 ఏళ్లు, 8 శాతానికి 9 ఏళ్లు, 9 శాతానికి 8 ఏళ్లు.

ఇది ఐదు వందల ఏళ్లకు పైబడిన లెక్క. ఇటలీకి చెందిన లూకా పాచోలీ 1494లో వెనిస్‌లో అచ్చువేయించిన గణిత గ్రంథం ‘సుమ్మా’లో ఇది కనిపిస్తుంది. వర్తకుల జమాఖర్చుల పద్ధతిని అచ్చులోకి తెచ్చిన పుస్తకంగా దానికి పేరుంది. ఏడాదికి ఇంత శాతం చొప్పున, వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే సొమ్ము ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో తెలుసుకోవాలంటే 72ను గుర్తుంచుకోమని పాచోలీ చెప్పాడు. ఆ అంకె ఎలా వచ్చిందో మాత్రం వివరించలేదు. బహుశా అప్పటికే వర్తకుల నోళ్లలో నానుతున్న లెక్కనే ఆయన కాగితం మీద పెట్టి ఉంటాడు.

ఆ వివరణ తెలిస్తేనే చిట్కా ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ దెబ్బతింటుందో అర్థమవుతుంది. వడ్డీ ఏ క్షణానికి ఆ క్షణం అసలులో కలిసిపోతూ ఉందనుకుందాం. అప్పుడు రెట్టింపు కావడానికి భాగించాల్సిన అంకె 69.3. నిజజీవితంలో వడ్డీ అలా కలవదు. ఏడాది పొడవునా పక్కన ఆగి, ఏడాది చివర ఒక్కసారి కలుస్తుంది. ఆగినంతకాలం ఆ వడ్డీ మీద వడ్డీ పుట్టదు కాబట్టి రెట్టింపు కాస్త ఆలస్యమవుతుంది. వడ్డీ శాతం ఎంత పెద్దదైతే, అలా ఆగిపోయే మొత్తమూ అంత పెద్దది. ఆ ఆలస్యాన్ని సరిదిద్దడానికే భాజ్యం 69.3 నుంచి పైకి జరగాలి. 8 శాతం దగ్గర అది సరిగ్గా 72 దగ్గరికి వస్తుంది. పైగా 72ను 2, 3, 4, 6, 8, 9, 12 అన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి. నోటిలెక్కకు అంతకంటే అనువైన అంకె దొరకదు.

అంటే 72 అన్ని వడ్డీలకూ సరిపోయే అంకె కాదు, 8 శాతం పరిసరాలకు కుదిరిన అంకె. ఆ పరిసరాల్లో దాని గురి అద్భుతం. లక్ష రూపాయలను 8 శాతం చక్రవడ్డీకి వేస్తే తొమ్మిదేళ్లకు చేతికొచ్చేది రూ.1,99,900. రెండు లక్షలకు తక్కువైంది వంద రూపాయలే. కిసాన్ వికాస్ పత్రను కొన్నేళ్లు ఆపి 2014లో మళ్లీ తెచ్చినప్పుడు వడ్డీ 8.7 శాతం, గడువు 100 నెలలు. 72 లెక్కకు 99 నెలలు దాటుతుంది. ఇక్కడా తేడా నెలలోపే.

అదే పథకం మొదలైన 1988కి వెళ్తే కథ కొంచెం మారుతుంది. అప్పట్లో సొమ్ము ఐదున్నరేళ్లకే రెట్టింపయ్యేది. ఐదున్నరతో 72ను భాగిస్తే వడ్డీ 13.1 శాతమని తేలుతుంది. అసలు లెక్క వేస్తే అది 13.4 శాతం. తేడా చిన్నదే. కానీ అది ఎటు మొగ్గుతోందో చూడాలి. వడ్డీ పెరిగేకొద్దీ 72 లెక్క తొందరపడుతుంది, ఇంకా రెట్టింపు కాని సొమ్మును రెట్టింపైందని చెబుతుంది. వడ్డీ బాగా తక్కువైతే దీనికి పూర్తిగా వ్యతిరేకం. 3 శాతానికి 24 ఏళ్లంటుంది, నిజానికి 23 ఏళ్ల ఐదున్నర నెలలు చాలు.

ఈ తొందరపాటు అసలు బయటపడేది బ్యాంకుల్లోనూ పోస్టాఫీసుల్లోనూ కాదు, ఊళ్లలోని ప్రోనోట్ల దగ్గర. తెలుగునాట వడ్డీని ఏడాదికి ఇన్ని శాతమని చెప్పుకోరు. నెలకు నూటికి ఇంత అంటారు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నెలకు నూటికి రెండు రూపాయలు, ఏడాదికి 24 శాతం. 72ను 24తో భాగిస్తే మూడేళ్లు. లక్ష అప్పు మూడేళ్లకు రెండు లక్షలవుతుందన్నమాట. ఇది నిజమా?

ఏడాదికోసారి వడ్డీని అసలులో కలిపే ఒప్పందమైతే, మొదటి ఏడాది చివర రూ.1,24,000, రెండో ఏడాది చివర రూ.1,53,760, మూడో ఏడాది చివర రూ.1,90,662. రెండు లక్షలకు ఇంకా తొమ్మిది వేల పైచిలుకు తక్కువ. 8 శాతం దగ్గర వంద రూపాయలు తప్పిన లెక్క ఇక్కడ తొమ్మిది వేలు తప్పింది. రెట్టింపు కావడానికి మూడేళ్ల మీద దాదాపు మూడు నెలలు పడుతుంది.

కానీ ఊరి అప్పుల్లో ఏటా వడ్డీ కలపడం మామూలు పద్ధతి కాదు. ఎక్కువగా నడిచేది బారువడ్డీ. అసలు మీదే వడ్డీ, వడ్డీ మీద వడ్డీ లేదు. బారువడ్డీకి 72 అస్సలు వర్తించదు. అక్కడ వాడాల్సిన అంకె 100. నెలకు రెండు రూపాయల చొప్పున నూటికి నూరు పోగవ్వాలంటే 50 నెలలు, అంటే నాలుగేళ్ల రెండు నెలలు పడుతుంది. 72 చెప్పిన మూడేళ్లకూ దీనికీ ఏడాది పైనే తేడా. చిట్కా వాడేవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇదే. 72 బదులు 70 వాడాలా, 73 వాడాలా అన్నది చిన్న సంగతి. వడ్డీ అసలులో కలుస్తోందా లేదా, కలిస్తే ఎన్నాళ్లకోసారి అన్నది ముందు తేలాలి.

ప్రోనోటు విషయంలో దీనికి మరో మలుపుంది. అప్పు వసూలుకు దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. ఆ గడువు దాటకుండా నోటు వెనుక కొంత చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. లేదా నోటు తిరగరాస్తారు. తిరగరాసేటప్పుడు అప్పటిదాకా పేరుకున్న వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాస్తే, బారువడ్డీ అప్పు ఆ రోజుతో చక్రవడ్డీ బాట పడుతుంది. లక్షకు మూడేళ్ల బారువడ్డీ రూ.72,000. కొత్త నోటులో అసలు రూ.1,72,000. ఇక నెల వడ్డీ రెండు వేలు కాదు, రూ.3,440. రెండు లక్షలకు మిగిలిన రూ.28,000 నిండడానికి ఎనిమిది నెలలు దాటుతుంది. అంటే రెట్టింపయ్యేది 45వ నెలలో. తిరగరాయకుండా ఉంటే పట్టే 50 నెలలకంటే ఐదారు నెలల ముందే. రూపాయి కట్టకుండా మరో మూడేళ్లు గడిచి మళ్లీ తిరగరాస్తే నోటు మీద అంకె రూ.2,95,840 అవుతుంది. బారువడ్డీగానే సాగి ఉంటే ఆరేళ్లకు రూ.2,44,000 అయ్యేది. తిరగరాసిన నోటు మీద సంతకం పెట్టేవాళ్లు అసలు అంకెను ఒకటికి రెండుసార్లు చూసుకోవాల్సింది ఇందుకే.

చిట్కాను పూర్తిగా వదిలేయక్కర్లేదు. దాన్ని సరిదిద్దే సులువైన పద్ధతి ఉంది. 8 శాతం దగ్గర 72 ఉంచి, వడ్డీ 3 శాతం పెరిగినప్పుడల్లా 72కు ఒకటి కలపాలి, 3 శాతం తగ్గినప్పుడల్లా ఒకటి తీసేయాలి. 11 శాతానికి 73, 14 శాతానికి 74, 5 శాతానికి 71, 2 శాతానికి 70. 24 శాతం అంటే 8 కంటే 16 ఎక్కువ. 16లో మూడో వంతు ఐదుకు కాస్త ఎక్కువ కాబట్టి భాజ్యం 77.3. దాన్ని 24తో భాగిస్తే 3.22 ఏళ్లు. పైన లెక్కించిన మూడేళ్ల చిల్లర నెలలు సరిగ్గా ఇవే. 1988 నాటి 13.4 శాతానికీ ఇదే పద్ధతిలో ఐదున్నరేళ్లే వస్తుంది.

ఈ సవరణలో ఒక మెలకువ ఉంది. వడ్డీ ఎన్నాళ్లకోసారి కలుస్తుందో ఆ కాలానికి పడే శాతాన్నే తీసుకోవాలి. బ్యాంకులు ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీని సాధారణంగా మూడు నెలలకోసారి అసలులో కలుపుతాయి. ఏడాదికి 7 శాతమంటే మూడు నెలలకు 1.75 శాతం. అంత చిన్న శాతానికి భాజ్యం 70. 70ని 1.75తో భాగిస్తే 40 త్రైమాసికాలు, అంటే పదేళ్లు. కచ్చితమైన జవాబుకూ దీనికీ తేడా వారం కూడా లేదు. 72 వాడితే పదేళ్ల మూడున్నర నెలలని చెప్పేది. ఈ జవాబులన్నీ పన్ను కోతకు ముందువి. వడ్డీ మీద నూటికి 30 చొప్పున పన్ను కట్టేవాళ్లకు 7 శాతం మిగిలేది 4.9 శాతంగానే. వాళ్ల పదేళ్లు పద్నాలుగేళ్లు దాటుతాయి.

సొమ్ము ఒకేసారి వేసి కదపకుండా ఉంచినప్పుడే ఈ లెక్కలన్నీ నిలుస్తాయి. నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కు ఇవి వర్తించవు. అక్కడ మొదటి నెల వాయిదాకు దక్కిన కాలం చివరి నెల వాయిదాకు దక్కదు.

72ను తిరగేసి వాడితేనే ఎక్కువమందికి పనికొస్తుంది. ఎవరైనా రెట్టింపు గురించి చెబితే, చెప్పిన ఏళ్లతో 72ను భాగించాలి. ఇరవై ఏళ్లలో రెట్టింపు అని ఊరించే పాలసీ ఏటా ఇచ్చేది 3.6 శాతం మాత్రమే. రెండేళ్లలో రెట్టింపు చేస్తామన్న వ్యక్తి 36 శాతం ఇస్తానంటున్నాడు. సవరించి చూస్తే అది నిజానికి 41 శాతం పైనే. అంత వడ్డీ ఏ వ్యాపారంలోంచి తెచ్చిస్తాడో అడగాలి. పదేళ్లలో రెట్టింపయ్యే డిపాజిట్‌ను ‘ఏటా సగటున 10 శాతం రాబడి’ అని చూపించే కరపత్రాలూ ఉంటాయి. పెరిగిన మొత్తాన్ని పదేళ్లకు సమానంగా పంచి చెప్పే అంకె అది. 72 తీసుకుని పదితో భాగిస్తే 7.2 వస్తుంది. ఆ డిపాజిట్‌ను పక్క బ్యాంకు వడ్డీతో పోల్చాల్సింది ఆ 7.2తోనే.