తిట్టు, దీవెన, స్వరం: కడప-కర్నూలు తల్లుల మాటతీరు

‘సచ్చినోడా’ అనే మాటను నిఘంటువు తిట్టుగానే చెప్పగలదు. కడప, కర్నూలు పల్లెల్లో అదే మాట కన్నతల్లి నోట, చిన్నమ్మ నోట, మ్యానత్త నోట ముద్దుపేరుగానూ చెల్లుతుంది. తేడా పదంలో లేదు, పలికే తీరులో ఉంది.

ఒకే తల్లి ఒకే కొడుకును ఉద్దేశించి పలికే రెండు వాక్యాలను గమనిద్దాం. ‘సచ్చినోడా! యాడికి పోతివిరా?’ అన్నప్పుడు సంబోధన ముందు వస్తుంది, మొదటి అక్షరం మీద ఊనిక పడుతుంది, తరువాత విరామం ఉంటుంది. ఆ ప్రశ్న జవాబు కోసం వేసింది కాదు. ‘యాడికి పోతివిరా సచ్చినోడా, సంగటి సల్లారిపాయ’ అన్నప్పుడు సంబోధన వాక్యమధ్యంలోకి జరుగుతుంది, చివరి దీర్ఘం మరింత సాగుతుంది, స్వరం మెల్లగా దిగి తరువాతి మాటలో కలుస్తుంది. ఆ తరువాతి మాట దాదాపు ఎప్పుడూ తిండి గురించో ఒంటి గురించో అయి ఉంటుంది. అయితే పదక్రమం ఒక్కటే ప్రమాణం కాదు. రెండవ వాక్యాన్నే దీర్ఘం కుదించి తెగ్గొట్టి పలికితే సంగటి ప్రస్తావన కూడా దెప్పిపొడుపే అవుతుంది.

వ్యాకరణం కూడా ఇక్కడ తీర్పు చెప్పదు. ‘నీ కడుపు కాల’ శాపం, ‘నీ కడుపు సల్లగుండ’ దీవెన. రెండింటి అచ్చూ ఒకటే, ‘అ’కారంతో ముగిసే అదే క్రియారూపం. కుండ పగలగొట్టిన పిల్లవాణ్ణి చూసి ‘నీ కడుపు సల్లగుండ, ఎంత పని జేస్తివిరా’ అంటే దీవెన తిట్టు స్థానంలో కూర్చుంటుంది. ‘నీ జిమ్మడ’ విషయం వేరు. వాడేవారికి దాని పదార్థం పెద్దగా స్ఫురించదు కాబట్టి స్వరం దాన్ని ఎటైనా సులువుగా తిప్పగలదు. ‘సచ్చినోడా’లో చావు స్పష్టంగా వినబడుతుంది. అందుకే దానికి హద్దులెక్కువ. బిడ్డ జ్వరంతో మూలుగుతున్నప్పుడు తల్లి నోట ఆ మాట రాదు.

మెచ్చుకుంటే దిష్టి తగులుతుందన్న భయం వల్లే ఇలా తిడతారని ఒక వివరణ ఉంది. అది కొంతవరకే నిలుస్తుంది. దిష్టే కారణమైతే పొరుగింటామె కూడా అలాగే తిట్టాలి. ఆమె అంటే మాత్రం జగడమే! కోడలి విషయంలోనూ అంతే. ‘సచ్చినదానా’ అని కన్నతల్లి అంటే నవ్వే పిల్ల, అత్త అదే స్వరంతో అన్నా నవ్వదు. స్వరానికి ముందు, అనే హక్కు ఉండాలి.

అచ్చులో ఈ స్వరం పోతుంది. క్షేత్రసేకరణలో పదాలను మాత్రమే రాసుకున్న పట్టిక చూస్తే ఈ తల్లులు కటికవాళ్లనిపిస్తారు. పొరుగున ఉన్న చిత్తూరు సీమ రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘పచ్చనాకు సాక్షిగా’లో ఈ చిక్కు దాటిన తీరు పరిశీలించదగినది. అక్కడ కథ చెప్పేది పిల్లవాడు. అమ్మ తిట్టు పాఠకునికి ఆ పిల్లవాని చెవి ద్వారా చేరుతుంది, ఆ చెవికి ఆమె స్వరం ముందే తెలుసు. సేకర్తకు కథకుని వెసులుబాటు లేదు. కనీసం తిట్టు పక్కన, అది విన్న బిడ్డ ఏం చేశాడో రాసుకోవాలి: తల దించుకున్నాడా, పళ్లెం ముందు కూర్చున్నాడా?